పై వాటా వైఫై

మా తోటికోడలు ఈ ఇంటికి కాపురానికి వచ్చిన రోజున సారెతో పాటు ఒక గేమ్ కన్సోల్ కూడా దిగింది. బీరువా, మంచం, స్వీట్ల బుట్టలు, వాటి మధ్య నల్లగా ఒక పెట్టె. "ఇదేంటమ్మా, స్టెబిలైజరా?" అని మా ఆయన మేనత్తగారు అడిగారు. "కాదండి, ఆటలాడుకునేదండి" అంది తను, ఏమాత్రం సిగ్గుపడకుండా. కొత్తకోడలు సిగ్గుపడకపోవడం ఆవిడకి నచ్చలేదు. నాకు మాత్రం అప్పుడే నచ్చేసింది.

మాది ధవళేశ్వరంలో కాలువకి దగ్గరగా రెండంతస్తుల డాబా. కింద మేము, పైన మా మరిది వాళ్ళు. మా ఆయనది ఇరిగేషన్ ఆఫీసు, మరిదిది రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం. ఇద్దరూ పొద్దున వెళ్తే సాయంత్రమే రావడం. మా అబ్బాయి హాస్టల్లో ఉంటాడు. నేను ఉదయం పూట ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసి, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చేస్తాను. భోజనాలయ్యాక మా ఇద్దరికీ మిగిలేది మధ్యాహ్నం. పెద్ద టీవీ కింద హాల్లో ఉంది కాబట్టి కన్సోల్ కూడా అక్కడే ఉండిపోయింది.

మేము ఆడే ఆటలో కొట్టుకోవడాలు, చంపుకోవడాలు లేవు. ఒక పిల్ల, ఒక పడవ, చుట్టూ చిన్న చిన్న లంకలు. లంకకి వెళ్ళి మొక్కలు వెయ్యాలి, చేపలు పట్టాలి, పొద్దుగూకేలోపు గుడిసె చేరుకోవాలి. ఆటలో ఒక రోజు తనది, ఒక రోజు నాది. నేను ఎప్పుడూ పడవని రాతికి గుద్దేదాన్ని. "అక్కా, గోదారి ఒడ్డున పుట్టి పడవ నడపడం రాదేంటి నీకు?" అని వెక్కిరించేది. "గోదారి ఒడ్డున పుట్టినవాళ్ళందరూ సరంగులేంటే?" అనేదాన్ని. ఇలా రెండేళ్ళు గడిచాయి. అంత సుఖంగా ఉన్నామని అప్పుడు తెలియలేదు.

తరవాత అన్నదమ్ములు వేరుపడ్డారు. దేనిమీద మొదలైందో చెబితే నవ్వుతారు. నీళ్ళ మోటారు ఎవరూ కట్టెయ్యలేదు. ట్యాంకు పొంగి, మేడ మీద నేను ఆరబెట్టిన గుమ్మడి వడియాలన్నీ కొట్టుకుపోయాయి. నువ్వంటే నువ్వని అన్నదమ్ములిద్దరూ మొదలుపెట్టారు. మాటా మాటా పెరిగింది, పాతవన్నీ బయటికొచ్చాయి. నాకు అసలే ముక్కు మీద కోపం. ఆ తడిసిన వడియాలు చేత్తో పట్టుకుని, వీధిలో వాళ్ళు కూడా వినేలా అనేశాను: "ఇహ నేను ఈ మెట్లెక్కితే నా పేరు మార్చి పిలవండి!"

ఆ వారంలోనే పైన ఇంకో పొయ్యి వెలిగింది. పాలవాడు ఇద్దరికీ విడివిడిగా పోయడం మొదలుపెట్టాడు. పట్టుదల ఎంతవరకు వెళ్ళిందంటే, ఇంటర్నెట్ కూడా వేరు కావాలన్నారు ఇద్దరూ. కేబుల్ ఆయన పాపం పెద్దమనిషి. ఇంట్లోకి వచ్చేది ఒకటే తీగ, దాన్ని రెండు చెయ్యలేడు, వీళ్ళతో వాదించనూ లేడు. మా హాల్లోని రౌటర్ నుంచి ఒక వైరు పైకి లాగి, పైన ఇంకో రౌటర్ పెట్టి, దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ ఇచ్చి, "ఇంక ఎవరిది వాళ్ళదేనండి" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అన్నదమ్ములకి తృప్తి కలిగింది.

ఇంత జరిగినా మా మధ్యాహ్నాలకి ఏమీ కాలేదు. ఎందుకంటే ఒట్టు పెట్టుకున్నది నేను, తను కాదు. రెండింటికల్లా చక్కగా మెట్లు దిగి వచ్చి నా పక్కన సోఫాలో కూర్చునేది. నేను పైకి వెళ్ళకపోవడం నాకు కష్టంగా ఏమీ లేదు, తనే వస్తోంది కదా. అవతలి మనిషి దిగి వస్తున్నంతకాలం మన పంతం ఎంత బరువుందో మనకి తెలియదు.

తనకి అయిదో నెలలో స్కానింగ్ తీసి డాక్టరుగారు మాయ కిందికుందన్నారు. మంచం దిగొద్దు, మెట్ల జోలికి అసలే వెళ్ళొద్దు అన్నారు. పనులకి కొవ్వూరు నుంచి వాళ్ళ పిన్నిగారు వచ్చారు. ఆ మర్నాడు రెండయింది. నేను అలవాటుగా టీవీ పెట్టాను. మెట్ల మీద చప్పుడు లేదు. రెండున్నరయింది. టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

తన మంచం కిటికీ పక్కన ఉంటుంది. దాని కిందే మా హాలు కిటికీ. కాస్త గొంతు పెంచితే మాట వినిపిస్తుంది. కరివేపాకు, పాల ప్యాకెట్టు లాంటివి పంపుకోవడానికి తాడు కట్టిన బుట్ట ఒకటి పైనుంచి దిగుతుండేది. నాలుగో రోజున ఆ కిటికీలోంచే అడిగింది.

"అక్కా, ఆడుతున్నావా?"

"లేదే. నువ్వు లేకుండా ఏం ఆడను?"

"మీ మరిది పెట్టె పైకి తెచ్చేస్తానంటున్నారు. వద్దన్నాను."

ఎందుకు వద్దందో అడగలేదు. పెట్టె పైకి వెళ్తే ఆట కూడా పైకి వెళ్తుంది. నేను కిందే ఉంటాను. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. మెట్లెక్కి వస్తానని నేను అనలేదు, రమ్మని తనూ అనలేదు.

"ఫోన్‌లో రిమోట్ ప్లే అని ఉందట అక్కా. కన్సోల్ కిందే ఉంటుంది, ఆట నా ఫోన్‌లోకి వస్తుంది. టీవీలో నీకూ కనిపిస్తుంది" అంది. ప్రాణం లేచి వచ్చింది నాకు.

కన్సోల్ సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేశాను. పైన తను యాప్ దింపుకుని తన అకౌంట్‌తోనే లాగిన్ అయింది. ఫోన్‌లో చక్రం తిరుగుతోంది, వెతుకుతోంది. కాసేపటికి కన్సోల్ కనబడలేదని చెప్పింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే మాట. "వైఫై గీతలు ఎన్నున్నాయే?" అంటే, "నిండుగా ఉన్నాయక్కా. రౌటర్ నా తలగడ పక్కనే ఉంది" అంది.

ముందు నా అనుమానం బ్యాండ్ల మీదికి వెళ్ళింది. రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల అలల మీద మాట్లాడతాయి. 2.4 దూరం వెళ్తుంది, గోడలు దాటుతుంది కానీ నెమ్మది, పైగా చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలన్నీ దాని మీదే తోసుకుంటాయి. 5 వేగంగా ఉంటుంది కానీ గోడ అడ్డొస్తే నీరసపడుతుంది. చూస్తే మా కన్సోల్ 2.4 మీద ఉంది. దాన్ని 5కి మార్చాను. పైన తన ఫోన్ కూడా పై రౌటర్ 5కి మార్చుకోమన్నాను. అయినా చక్రం తిరిగింది, కనబడలేదంది. మొబైల్ డేటా మీద కూడా ప్రయత్నించింది. అదీ కలవలేదు.

"పోనీ మా కింది వైఫైకి కలుపు" అన్నాను. మా 5 ఆ స్లాబు దాటి తనకి కనబడనే లేదు. 2.4 మాత్రం ఒక్క గీతతో దొరికింది. కలిపింది. వెంటనే పైనుంచి కేక వినిపించింది. "వచ్చిందక్కా! పడవ వచ్చింది!" టీవీలో చూద్దును కదా, ఆట తెరుచుకుంటోంది. కానీ తన ఫోన్‌లో బొమ్మంతా గళ్ళు గళ్ళుగా విరిగిపోతోందట. తను నొక్కిన మూడు సెకన్లకి గాని పిల్ల కదలడం లేదు. రెండు నిమిషాలకి తెగిపోయింది.

తెగిపోయినా నాకు ఒక సంగతి తెలిసింది. ఒక్క గీత ఉన్న వైఫైకి దొరికిన కన్సోల్, నిండు గీతలున్న వైఫైకి దొరకడం లేదు. అంటే తప్పు సిగ్నల్‌ది కాదు.

ఖాయం చేసుకోవడానికి ఫోన్‌ని బుట్టలో దింపమన్నాను. తువ్వాల్లో చుట్టి దింపింది. హాల్లో మా 5కి కలిపి చూస్తే చిటికెలో కలిసింది, అద్దంలా ఉంది బొమ్మ. ఆ ఆట నడుస్తుండగానే మళ్ళీ బుట్టలో పెట్టి లాగమన్నాను. సగం దూరం పోయేసరికే తెగిపోయిందట. "ఇంతకంటే చేంతాడు కట్టి నన్నే దింపరాదూ" అని పైన నవ్వు. నాకూ నవ్వొచ్చింది. తరవాత ఎందుకో ఏడుపూ వచ్చింది.

ఆ సాయంత్రం కన్సోల్‌దీ, తన ఫోన్‌దీ ఐపీ అడ్రసులు చూశాం. కన్సోల్ నెట్‌వర్క్ పేజీలో 192.168.1.11 అని ఉంది. తన ఫోన్ పై వైఫైకి కలిపినప్పుడు 192.168.0.104. చివరి అంకె వేరుగా ఉండటం మామూలే, దాని ముందరి అంకె వేరుగా ఉంది. ఒకరిది ఒకటి, ఇంకొకరిది సున్నా. కాసేపు ఆ రెండు అంకెలు చూస్తూ కూర్చున్నాను. డిగ్రీలో అడ్రస్ ట్రాన్స్‌లేషన్ మీద పది మార్కుల ప్రశ్నకి నాలుగు పేజీలు రాసి, పక్కన బొమ్మ కూడా గీసిన మనిషిని. అదే బొమ్మ మా ఇంట్లోనే గీసి ఉంటే ఇన్నాళ్ళూ పోల్చుకోలేకపోయాను.

జరుగుతున్నది ఇది. పై రౌటర్ తన వెనక ఉన్న ఫోన్లకి తన సొంత అడ్రసులు పంచుతుంది. వాటి మాట బయటికి వెళ్ళేటప్పుడు ఆ అడ్రసు చెరిపేసి తన అడ్రసు రాసి పంపుతుంది. తను యాప్ తెరిచినప్పుడు ఫోన్ "ఇంట్లో కన్సోల్ ఎవరైనా ఉన్నారా?" అని కేకేస్తుంది. ఆ కేక తన రౌటర్ గడప దాటదు. కింద ఉన్న కన్సోల్‌కి అసలు వినబడదు. అడ్రసు చేత్తో కొడదామంటే ఆ యాప్‌లో వీలు లేదు. దగ్గర్లో దొరక్కపోతే అది ఇంటర్నెట్ చుట్టూ తిరిగి రావాలని చూస్తుంది. అలా వెళ్ళి మళ్ళీ మా ఇంటి గుమ్మంలోకే రాబోతే మా కింది రౌటర్ లోపలికి రానివ్వడం లేదు.

కేబుల్ ఆయనకి ఫోన్ చేశాను. "మీ రౌటర్‌కీ సొంతంగా పబ్లిక్ అడ్రస్ లేదండి మేడమ్ గారూ. మా దగ్గర మీ వీధి మొత్తానికి కలిపి ఒకటే అండి. బయటినుంచి మీ ఇంట్లోకి నేరుగా దారి ఉండదండి" అన్నాడు. మొబైల్ డేటా మీద ఎందుకు కలవలేదో అప్పుడు అర్థమైంది. "మీవారూ, మీ మరిదిగారూ వేరు కావాలన్నారు కదండీ, అందుకే అలా పెట్టానండి. పై రౌటర్ పని మాన్పించేసి ఉత్త వైఫైలా పెట్టొచ్చండి, కానీ వాళ్ళు మళ్ళీ నన్నేమంటారో" అని నసిగాడు. "మీరు రావద్దులెండి, నేను చూసుకుంటాను" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని నేను చెబుతుంటే, మంచం మీద పక్కకి తిరిగి పడుకుని తను చేసింది. ఎక్కి వెళ్తే అయిదు నిమిషాల పని. గంటన్నర పట్టింది. ముందు కిందనుంచి వచ్చిన వైరు పై రౌటర్లోంచి పీకెయ్యమన్నాను. మొబైల్ డేటా ఆపమన్నాను. బ్రౌజర్లో రౌటర్ పేజీ తెరిచి, రౌటర్ సొంత అడ్రసుని 192.168.1.2గా మార్చమన్నాను. మా కింది రౌటర్ పంచే అంకెలు పది నుంచి మొదలవుతాయి కాబట్టి రెండుతో తగాదా రాదు. అది ఒకసారి ఆగి లేచాక, కొత్త అడ్రసుతో మళ్ళీ లోపలికి వెళ్ళి, అడ్రసులు పంచే పని కట్టేయమన్నాను.

"ఇప్పుడు ఆ వైరు తీసుకో. ఇందాక ఉన్న కన్నంలో పెట్టకు. అది వేరే రంగులో ఉంటుంది చూడు. దాని పక్కనున్న వరసలో ఏదో ఒకదాంట్లో పెట్టు."

"టిక్కుమందక్కా."

"ఫోన్‌లో వైఫై ఒకసారి తీసి పెట్టు. అడ్రసు చదువు."

"నూట తొంభై రెండు... నూట అరవై ఎనిమిది... ఒకటి... పధ్నాలుగు" అని చదివింది. ఆ "ఒకటి" అన్నప్పుడు తన గొంతు మారింది. ఇక పై రౌటర్ అడ్రసులు మార్చదు, ఎవరినీ ఆపదు. కింది రౌటర్‌కి ఇంకో చెయ్యి మాత్రమే. తను యాప్ నొక్కింది. చక్రం ఒక్క చుట్టు తిరిగిందో లేదో, హాల్లో టీవీ మీద పడవ కనిపించింది. కంట్రోలర్ బల్ల మీదే ఉంది. ఎవరూ ముట్టుకోకుండానే ఆ పిల్ల పడవెక్కి, తెడ్డు అందుకుని, నా రాతిని చుట్టుకుని నున్నగా దాటించేసింది. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. పైనుంచి "ఎలా ఉంది?" అని కేక.

పై వైఫై పేరు మార్చలేదు, పాస్‌వర్డ్ మార్చలేదు. సాయంత్రం మరిది వచ్చి ఎప్పటిలాగే తన వైఫైలో అరటి ధరలు చూసుకున్నాడు. కింద మా ఆయన తన వైఫైలో వార్తలు చూసుకున్నారు. తాము మళ్ళీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నామని ఇద్దరికీ తెలియదు. ఇప్పటికీ చెప్పలేదు.

అలా ఏడో నెల వచ్చేవరకు ఆడుకున్నాం. తన రోజయితే తను ఫోన్ మీద ఆడేది, నేను టీవీలో చూసేదాన్ని. నా రోజు వస్తే తను తెరమీంచి వేళ్ళు తీసేసేది, నేను కంట్రోలర్ పట్టుకునేదాన్ని. నేను రాతికి గుద్దితే పైన కిటికీలోంచి మూలుగు వినిపించేది. తెరమీద ఆ పిల్ల నడిచే తీరు చూసి ఆ రోజు తనకి నడుం నొప్పి ఉందో, హుషారుగా ఉందో చెప్పగలిగేదాన్ని. ఇదేం గొప్ప అని మీకు అనిపించవచ్చు. నాకు రోజంతా ఆ గంట కోసమే అనిపించేది. అయినా అందులో ఏదో తక్కువగానే ఉండేది. సోఫాలో నా పక్కన గుంట పడిన చోటు గుంటలాగే ఉంది. తన తల వాసన, తను జంతికలు తిని నా చీరకొంగుకి చేతులు తుడుచుకోవడం, ఇవేవీ రాలేదు.

కొవ్వూరు వాళ్ళ పుట్టింటికి తీసుకెళ్ళడానికి రేపు కారు వస్తుందనగా, ఆ మధ్యాహ్నం ఆటలో ఆ పిల్ల ఒడ్డున నిలబడిపోయింది. అలలు కదులుతున్నాయి, చెట్లు ఊగుతున్నాయి, పిల్ల కదలదు. కనెక్షన్ పోతే టీవీ మీద ఆ మాట వచ్చేది. అలాంటిదేమీ లేదు.

"ఏమైందే?"

"ఏం లేదక్కా. తంతోంది. ఇప్పుడే, గట్టిగా. ఒక్కసారి పైకి రావా? చెయ్యి పెట్టి చూద్దువుగాని."

నేను వెంటనే లేచాను. మెట్ల దగ్గరిదాకా వెళ్ళాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టబోతూ ఆగాను. వీధి అరుగు మీద పక్కింటావిడ కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. ఆ రోజు నేను అరిచిన మాట విన్నవాళ్ళలో ఆవిడా ఉంది. తలెత్తి నావైపు చూసింది. అంతే, ఆ చూపే చాలింది నాకు. వెనక్కి వచ్చి కిటికీ దగ్గర నిలబడి, "పొయ్యి మీద పాలున్నాయే, రేపు పొద్దున చూద్దాంలే" అన్నాను. పొయ్యి మీద ఏమీ లేదు.

పైనుంచి "సరేలే అక్కా" అంది. టీవీలో పిల్ల మెల్లగా గుడిసె వైపు నడిచింది.

పొద్దున్నే కారు వచ్చింది. నడవకూడదు కాబట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దింపాలి. చెరో వైపు పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలి. మాటలు లేని అన్నదమ్ములిద్దరే ఉన్నారు ఇంట్లో. "జాగ్రత్త, ఇటు వంచు" అని మా ఆయన అన్నారు, "సరే" అని మరిది అన్నాడు. మా ఆయన ఆ మెట్లు ఎక్కారు, దిగారు, ఆయన పరువుకి ఏమీ కాలేదు. కింద కారు చుట్టూ పిన్నిగారు, డ్రైవరు, సామాన్లు, పక్కింటావిడ. తన చేతిని పట్టుకున్నాను గానీ, అందరిలో పొట్ట మీద చెయ్యి వెయ్యడానికి నాకు మొహం చెల్లలేదు. "ఇప్పుడు పడుకుంది అక్కా, కదలట్లేదు" అంది తనే. కారు వెళ్ళిపోయింది.

ఆడపిల్ల పుట్టింది. బారసాలకి వెళ్ళాను, ఎత్తుకున్నాను. బొద్దుగా, వాళ్ళమ్మలాగే సిగ్గులేకుండా నావైపు చూసింది. అక్కణ్ణుంచి వాళ్ళు తిరిగి ఈ ఇంటికి రాలేదు. రోజూ తిరగడం కష్టమని మరిది రావులపాలెంలోనే ఇల్లు తీసుకున్నాడు. కన్సోల్ పంపిస్తానంటే, "వద్దక్కా, అక్కడే ఉండనీ, నేను ఇక్కణ్ణుంచి ఆడతాను" అంది. ఎన్నోసార్లు ప్రయత్నించాం. వాళ్ళ వీధికీ ఒకటే పబ్లిక్ అడ్రసట, మా వీధికీ ఒకటే. రెండు వైపులా అడ్రసులు మారిపోతుంటే ఒకరికొకరు దొరకడం లేదు. ఆ రెండు వీధుల మధ్య మార్చడానికి నా చేతిలో ఏ వైరూ లేదు.

మొన్న పై వాటా అద్దెకివ్వాలని మా ఆయన అన్నారు. రౌటర్ తీసుకురావడానికి నేనే వెళ్ళాను. కింద కన్సోల్ ఆన్‌లోనే ఉంది. ఖాళీ గదిలో, కిటికీ పక్కన తన మంచం ఉన్న చోట నేల మీద కూర్చుని, నా ఫోన్‌లో ఇదివరకే తను లాగిన్ చేసి పెట్టిన యాప్ నొక్కాను. తడుముకోకుండా కలిసింది. ఒడ్డున ఆ పిల్ల నిలబడి ఉంది. నేను ఆడలేదు. ఆ రోజు తను ఇక్కడ పడుకుని, నా అడుగుల చప్పుడు మెట్ల దగ్గరిదాకా వచ్చి ఆగిపోవడం వినే ఉంటుంది. పాల సంగతి అబద్ధమని తనకి తెలిసే ఉంటుంది. వైరు ఊడదీసి, రౌటర్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

పైకి రావడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.